ఆ రోజు పొద్దున ఏం జరిగింది తాతా?

"ఆ రోజుల్లో వ్యవసాయం ఎలా ఉండేది తాతా?" వయసు మీరిన రైతుల మీద డాక్యుమెంటరీ తీయడానికి కెమెరా పట్టుకుని వెళ్లిన వాళ్లలో చాలామంది ఈ ప్రశ్నతోనే మొదలుపెడతారు. జవాబు కూడా ఏ ఊళ్లోనైనా దాదాపు ఒకటే వస్తుంది. "అప్పుడు బాగుండేది నాయనా. వానలు పడేవి, మనుషులు మంచోళ్లు. ఇప్పుడేముంది, అన్నీ మందులే." ముఖం బాగుంటుంది, గొంతు బాగుంటుంది, వెనక వేపచెట్టు నీడ బాగుంటుంది. తీరా ఎడిటింగ్‌కు కూర్చున్నాక ఆ ముక్కను ఎక్కడ పెట్టాలో తెలియదు. మొదట్లో పెట్టినా సరిపోతుంది, చివర్లో పెట్టినా సరిపోతుంది, తీసేసినా ఏ లోటూ కనపడదు. ఎక్కడైనా ఇమిడే ముక్క కథను ముందుకు నడపదు.

ఇందులో పెద్దాయన తప్పేమీ లేదు. కాలం గురించి అడిగాం, కాలం గురించి అభిప్రాయం చెప్పాడు. సినిమాకు కావలసింది జరిగిన సంగతి. డాక్యుమెంటరీ తీసేవాళ్లు 'బీట్' అని పిలుచుకునేది దాన్నే. ముక్క మొదలయ్యేటప్పుడు మనిషి ఒక స్థితిలో ఉంటాడు. ఏదో జరుగుతుంది. ముక్క ముగిసేసరికి ఆ స్థితి మారిపోయి ఉంటుంది. చేలో నీళ్లున్నాయి, బావి ఎండింది, ఎద్దుల్ని అమ్మేశాడు. ఈ మూడూ ఆయన నోట నలభై సెకన్లలో వచ్చినా చాలు, అది బీట్. మూడు గంటలు మాట్లాడినా వీటిలో ఒకటి లేకపోతే అది కబురు మాత్రమే. కాబట్టి ప్రశ్నలు రాసుకునేటప్పుడు ఎడిటింగ్ నుంచి వెనక్కి నడవాలి. ఏ మార్పు తెర మీద కనపడాలో ముందు తేల్చుకుని, ఆ మార్పుకు ముందు, మధ్య, తర్వాత ఉన్న క్షణాల గురించి అడగాలి.

ఒక ఉదాహరణ తీసుకుని చివరిదాకా నడిచి చూద్దాం. అనంతపురం జిల్లాలో ఎనభై ఏళ్లకు దగ్గర పడ్డ ఒక మెట్ట రైతు అనుకుందాం. చిన్నప్పుడు తండ్రితో కలిసి కపిల తోలాడు. తర్వాత ఆయిల్ ఇంజను పెట్టాడు, ఆ తర్వాత కరెంటు మోటారు. బావి అడుగంటాక బోర్లు వేశాడు. కొన్ని పడ్డాయి, కొన్ని పడలేదు. పిల్లలు బెంగళూరు వెళ్లిపోయారు. ఇప్పటికీ వాన పడితే కొంత వేరుశనగ వేస్తాడు. ఈయన కల్పించిన మనిషే అయినా, ఆ జిల్లాలో తిరిగిన వాళ్లకు ఈయన కొత్తవాడు కాడు. ఏడాదికి సగటున ఐదువందల చిల్లర మిల్లీమీటర్ల వాన కురిసే నేల అది. దశాబ్దాల పాటు అక్కడి చేలల్లో ఎక్కువగా కనపడిన వేరుశనగ రకం, 1940లో విడుదలైన టీఎంవీ-2. అంటే ఈ పెద్దాయన వయసుకూ ఆయన విత్తిన విత్తనం వయసుకూ పెద్ద తేడా లేదు. ఇలాంటి సంగతి ముందే తెలిసి వెళ్తే ఆయన 'చిన్నకాయ', 'గుత్తికాయ' అంటున్నప్పుడు తెల్లముఖం వేయక్కర్లేదు, తర్వాతి ప్రశ్న దానంతట అదే పుడుతుంది.

మొదటిసారి వెళ్లేటప్పుడు కెమెరా బయటికి తీయకూడదన్నది నా గట్టి అభిప్రాయం. ఆ రోజు పని ఒక్కటే: ఆయన జీవితాన్ని ఒక పెద్ద కాగితం మీద గీసుకోవడం. ఎడమ పక్కన ఇంట్లో జరిగినవి, అంటే పెళ్లి, పిల్లలు పుట్టడం, తండ్రి పోవడం, అన్నదమ్ముల పంపకం. కుడి పక్కన చేలో జరిగినవి, అంటే బావి తవ్వడం, ఇంజను, మోటారు, మొదటి బోరు, ఎద్దుల అమ్మకం. మధ్యలో ఊరందరికీ గుర్తున్నవి, అంటే కరువులు, ఊరికి కరెంటు రావడం, ఎన్నికలు. "ఏ సంవత్సరం?" అని అడిగితే పెద్దవాళ్లు ఇబ్బంది పడతారు, లేదా మనల్ని తృప్తిపరచడానికి ఏదో ఒక అంకె చెబుతారు. "పెద్ద కొడుకు పుట్టాక ఇంజను పెట్టారా, పుట్టకముందా?" అంటే వెంటనే చెబుతారు. కొందరికి తెలుగు సంవత్సరాల పేర్లే గుర్తు. పరాభవ అంటే 1966-67, పింగళ అంటే 1977-78, ప్రభవ అంటే 1987-88. అరవై ఏళ్ల పట్టిక జేబులో ఉంటే ఆ మాటను తేదీగా మార్చుకోవచ్చు. అయినా సరే, పెద్దవాళ్ల జ్ఞాపకంలో పాత సంఘటన దగ్గరికి జరగడం, రెండు కరువులు ఒకటిగా కలిసిపోవడం మామూలే. మోటారు సర్వీసు కాగితం, అడంగల్ నకలు, బ్యాంకు రసీదు వంటివి ట్రంకుపెట్టెలో ఉంటే అప్పుడే చూసుకోవాలి. వాటితో ఆయన్ను తప్పు పట్టడానికి కాదు, మన వ్యాఖ్యానంలో తప్పు తేదీ పడకుండా ఉండడానికి.

ఈ కాగితం గీస్తున్నప్పుడు ఒక జాగ్రత్త కావాలి. ఆయన ఏదైనా సంఘటన మొదలుపెట్టి ఊపందుకుంటే అక్కడే ఆపి, "దీన్ని ఎల్లుండి చేలో చెబుదురు తాతా" అనాలి. ఒకసారి కెమెరా లేకుండా పూర్తిగా చెప్పేస్తే రెండోసారి చెప్పేటప్పుడు అది చప్పబడుతుంది. "మొన్న చెప్పినా గదా" అన్న మాట మొదలవుతుంది. ఆ మాట వచ్చిన ముక్క ఎడిటింగ్‌లో పనికిరాదు, ఎందుకంటే మొన్న ఏం చెప్పాడో ప్రేక్షకుడికి తెలియదు.

కాగితం చూస్తే ఎక్కడెక్కడ మలుపులున్నాయో కనపడుతుంది. మన పెద్దాయన విషయంలో ఐదు ఉన్నాయనుకుందాం. కపిల ఆగిపోయిన రోజు, మొదటి బోరులో నీళ్లు పడిన రోజు, నీళ్లు పడని బోరు, ఎద్దుల్ని సంతకు తోలిన రోజు, కొడుకు బస్సెక్కిన రోజు. అరగంట సినిమాకు ఇవి ఎక్కువే. ప్రతి మలుపుకూ ఒక ప్రశ్న కాదు, ఒక ప్రశ్నల వరస కావాలి. నీళ్లు పడని బోరును తీసుకుని ఆ వరస ఎలా కట్టాలో చూద్దాం.

"బోరు ఫెయిలైనప్పుడు మీకేమనిపించింది?" అన్నది మొదట తోచే ప్రశ్న. అడగకూడని ప్రశ్న కూడా అదే. "ఏమనిపిస్తుంది, బాధనిపించింది" అంటాడు. అక్కడితో తలుపు మూసుకుపోతుంది. మనసును నేరుగా అడిగితే మనిషి ఒక్క మాటలో చెప్పి తప్పుకుంటాడు. చేతులు ఏం చేశాయో, కళ్లు ఏం చూశాయో అడిగితే మనసు తానే వస్తుంది.

అందుకే వరస ముందురోజు నుంచి మొదలవాలి. "బోరు బండి వచ్చే ముందు ఆ వారం చేలో ఏం పైరుంది? ఎంత వరకు ఎండింది?" దీనితో పణంగా పెట్టింది ఏమిటో తెలుస్తుంది. "ఇక్కడే వేయాలని చోటు ఎవరు చూపించారు? ఎలా చూశారు?" అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరిగిన మనిషి ఇక్కడ ప్రవేశిస్తాడు. వేప పుల్ల పట్టినవాడూ కావచ్చు. "డబ్బు ఎక్కడి నుంచి తెచ్చారు? ఇంట్లో ఎవరు ఏమన్నారు?" ఇది ఆశకు అడ్డుగా నిలిచింది ఏమిటో చెబుతుంది. తర్వాత ఆ రోజు. "బండి ఎన్నింటికి వచ్చింది? చుట్టూ ఎవరెవరు నిలబడ్డారు? మొదట ఏం బయటికి వచ్చింది?" బోరు వేసేటప్పుడు ముందు పొడి దుమ్ము లేస్తుంది, తర్వాత రాయి రంగు మారుతుంది, తడి తగిలితే ముద్దముద్దగా వస్తుంది. ఒక్కో రాడ్డు దిగేకొద్దీ అడుగుల లెక్కన ఖర్చు పెరుగుతుంది. ఇది మనకు తెలిసి ఉంటే, "తడి కనపడిందా? ఎన్ని అడుగుల దగ్గర? అప్పుడు మీరెక్కడ నిలబడ్డారు?" అని అడగగలం. ఆ తర్వాత అసలు ప్రశ్న: "ఇక ఆపుదామని ముందు ఎవరన్నారు?" చివరికి, "ఆ సాయంత్రం ఇంటికి వెళ్లాక మీరు నోరు తెరిచి అన్న మొదటి మాట ఏమిటి?"

ఇలా అడిగితే జవాబు ఈ తీరున రావచ్చు. "శనివారము. పొద్దున్నే బోరు బండి వచ్చె. మా ఇంటామె గాజులు బ్యాంకులో పెట్టి తెచ్చిన దుడ్డు అది. నూటెనభై అడుగుల కాడ తడి కనపడె, అందరము నవ్వుకుంటిమి. మళ్లా దుమ్మే. మున్నూరు దాటినాక బండాయప్ప నా మొగం చూసినాడు. ఆపుమని చెప్పనీకి నోరు రాల్యా. ఇంకో రాడ్డు దించప్పా అంటి." ఇందులో బాధ అన్న మాట ఎక్కడా లేదు. ఉన్నవి ఆశ, తడి, దుమ్ము, ఒక చూపు, ఒక నిర్ణయం. ప్రేక్షకుడు అక్కడ ఆగి, ఆ ఇంకో రాడ్డు సంగతి తెలుసుకోవాలని ముందుకు వంగుతాడు. ప్రశ్న కట్టడం అంటే ఆ వంగడానికి చోటు కల్పించడమే.

కొన్ని వరసలు కూర్చుని అడిగితే కుదరవు. కపిల సంగతే చూడండి. తెలంగాణలో మోట అంటారు. బావి ఒడ్డు నుంచి వాలుగా ఉన్న దారిలో ఎద్దులు దిగుతుంటే తోలు బాన నీళ్లతో పైకి వస్తుంది. తోలేవాడు మోకు మీద కూర్చుని తన బరువు కూడా కలిపి దిగుతాడు. ఇదంతా అరుగు మీద కూర్చుని చెప్పమంటే వర్ణన వస్తుంది. పాత బావి దగ్గరికి తీసుకెళ్లి, ఎద్దులు దిగిన దారి మీద నిలబెట్టి, "ఎద్దులు ఎక్కడ వెనక్కి తిరిగేవి? మీరెక్కడ లేచి నిలబడేవాళ్లు?" అని అడిగితే ఆయన నడుస్తాడు, చెయ్యి మోకు పట్టుకున్నట్టు ముడుచుకుంటుంది. కపిల తోలుతూ పాడిన పాట ఏదైనా ఉంటే ఆ నడకలోనే బయటికి రావచ్చు.

క్లాడ్ లాంజ్‌మాన్ 1985లో విడుదల చేసిన 'షోవా' చిత్రంలో ఈ పద్ధతికి చాలా కఠినమైన ఉదాహరణ ఉంది. నాజీల మరణశిబిరం నుంచి బతికి బయటపడిన క్షురకుడు అబ్రహాం బోంబాను, ఆ పని మానేసిన చాలాకాలానికి, ఇజ్రాయెల్‌లో ఒక క్షౌరశాలలో నిలబెట్టి, చేతికి కత్తెర ఇచ్చి, జుట్టు కత్తిరిస్తుండగా ప్రశ్నలు వేశాడు. అక్కడ అద్దాలున్నాయా, ఎలా కత్తిరించేవారు అన్నవంటి చిన్న చిన్న పని ప్రశ్నలే ఎక్కువ. చెయ్యి పని చేస్తుండగా జ్ఞాపకం ఒక్కసారిగా మీద పడింది, మాట ఆగిపోయింది. లాంజ్‌మాన్ ఆపకుండా చెప్పమని ఒత్తిడి చేశాడు. అది న్యాయమా కాదా అన్న చర్చ ఇప్పటికీ ఉంది. ఎనభై ఏళ్ల రైతు విషయంలో ఆ పద్ధతిలోని మొదటి సగమే మనకు కావాలి. చేతికి పని ఇవ్వండి, చిన్న ప్రశ్న వేయండి. కన్నీళ్లొచ్చాక తవ్వకండి.

ఇక మాట విషయం. మన ప్రశ్నలు సినిమాలో వినిపించవు. జవాబు ఒక్కటే నిలబడాలి. "ఎద్దుల్ని ఎంతకు అమ్మారు?" అంటే "రెండు వేలకు" అంటాడు. ఏవి రెండు వేలకు? పట్టణంలో చదువుకున్నవాళ్లకు "ప్రశ్నను కలుపుకుని జవాబు చెప్పండి" అని సూచన ఇస్తారు. ఎనభై ఏళ్ల పెద్దాయనకు ఆ సూచన ఇస్తే ఆయన ధ్యాసంతా దాని మీదే ఉంటుంది, మాట కొయ్యబారుతుంది. దానికి బదులు ప్రశ్ననే అడుగుగా కాకుండా కోరికగా వేయాలి. "ఎద్దుల్ని సంతకు తోలిన రోజు సంగతి, ఇంట్లోంచి బయలుదేరిన కాడి నుంచి చెప్పండి తాతా" అంటే "ఆ పొద్దు ఎద్దుల్ని కడిగి, కొమ్ములకు నూనె రాసి..." అని వాక్యం తనంతట తాను పూర్తిగా వస్తుంది.

తెలుగులో ఇంకో చిక్కు ఉంది. మనం మాట్లాడేటప్పుడు కర్తను వదిలేస్తాం. "వచ్చి తీసుకుపోయినాడు. అది ఇంక రాలేదు" అంటే ఎదురుగా కూర్చున్నవాడికి అర్థమవుతుంది, ఎందుకంటే పది నిమిషాల కిందట పేరు చెప్పాడు. ఆ పది నిమిషాలు కోసేశాక ప్రేక్షకుడికి ఏమీ అర్థం కాదు. షూటింగ్‌లో ఒకరు ప్రత్యేకంగా దీన్నే గమనించాలి. వాడు, అది, అక్కడ, అప్పుడు అని వచ్చిన ప్రతిచోటా చిన్న గుర్తు పెట్టుకుని, ఆయన చెప్పడం పూర్తయ్యాక, మధ్యలో అడ్డుపడకుండా, "తీసుకుపోయింది ఎవరు తాతా? ఆ ముక్క ఇంకోసారి చెప్పండి, మా పిల్లకు సరిగా వినపడలేదు" అనాలి. వినపడలేదంటే పెద్దవాళ్లు పేర్లతో సహా, విడమరిచి చెబుతారు. అర్థం కాలేదంటే మాత్రం సంగతి వదిలేసి పాఠం మొదలుపెడతారు.

ఊకొట్టడం సంగతీ చెప్పాలి. మన పెద్దవాళ్లు ఊకొట్టేవాళ్లు లేకుండా కథ చెప్పరు. ఊ ఆగితే వింటున్నావా లేదా అని వాళ్లూ ఆగిపోతారు. కానీ ఆ ఊ మైకులో పడితే ఆయన మాట మీద మన గొంతు అచ్చుగుద్దినట్టు కూర్చుంటుంది, విడదీయలేం. దీనికి నాకు తెలిసిన దారి ఒకటే. ఎదురుగా, దగ్గరగా, ఆయన కళ్లకు సూటిగా కూర్చుని తలతో, కనుబొమ్మలతో ఊకొట్టాలి. కెమెరా మన భుజం పక్కన ఉండాలి. చెవుడు ఉంటే బాగా వినపడే చెవి ఏదో మొదటిరోజే కనుక్కుని ఆ పక్కకు జరగాలి. కెమెరా స్థానాన్ని దాన్నిబట్టి మార్చుకోవాలి. అరవకూడదు. అరిస్తే గొంతు కీచుగా మారుతుంది, వయసుతో వచ్చే చెవుడులో ముందు పోయేవి ఆ సన్నటి శబ్దాలే. నిదానంగా, కొంచెం బొంగురుగా, పెదవులు కనపడేలా అడిగితే బాగా అందుతుంది.

జవాబు అయిపోయిందనిపించాక కూడా తర్వాతి ప్రశ్నకు తొందరపడకూడదు. మనసులో ఐదు దాకా లెక్కపెట్టుకుని ఆగాలి. మొదట వచ్చేది పదిమందికీ చెప్పి చెప్పి అరిగిన జవాబు. ఆ మౌనంలోంచి వచ్చే రెండో మాట సాధారణంగా కొత్తది. ఫ్రెంచి దర్శకుడు రేమోఁ దెపార్దోఁ కొండప్రాంతాల వృద్ధ రైతుల మీద 2001, 2005, 2008లలో మూడు చిత్రాలు తీశాడు. వాటిలో ఆయన ప్రశ్నలు చాలా పొట్టివి. వంటింటి బల్ల దగ్గర కదలని కెమెరా, రైతు ముఖం, పొడుగాటి నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దాన్ని కోయకుండా ఉంచాడు కాబట్టే ఆ మనుషుల ఒంటరితనం, పొలం ఎవరికి అప్పగించాలో తెలియని గుబులు చెప్పకుండానే తెలుస్తాయి. అదే మనుషుల దగ్గరికి ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ వెళ్లడం కూడా ఆయన పద్ధతిలో భాగమే.

మన ఊళ్లలో ఒక ప్రత్యేకమైన అడ్డంకి ఉంది. కెమెరా కనపడగానే అది సర్కారుదో, టీవీదో అనుకుంటారు. పెద్దాయన గొంతు మారిపోతుంది. గిట్టుబాటు ధర లేదు, నష్టపరిహారం రాలేదు, పింఛను ఆగింది అని అర్జీ మొదలవుతుంది. చుట్టూ చేరిన నలుగురూ అందుకుంటారు. చాలామంది దర్శకులు దీన్ని తుంచేయాలని చూస్తారు. అది అమర్యాద, పైగా పని చేయదు. చెప్పవలసింది చెప్పనీయకపోతే మన ప్రతి ప్రశ్నకూ ఆ అర్జీయే జవాబుగా వస్తుంది. మొదటి పావుగంట దానికే ఇచ్చి, పూర్తిగా రికార్డు చేసి, అప్పుడు "ఇప్పుడు మీ నాయన తవ్వించిన బావి కాడికి పోదామా తాతా" అని లేవాలి. స్థలం మారితే మాట మారుతుంది. పిలుపు కూడా చూసుకోవాలి. 'సార్' అంటే అర్జీ వస్తుంది, 'తాతా' అంటే కథ వస్తుంది. ఊళ్లో ఆయన్ను చిన్నవాళ్లు ఎలా పిలుస్తారో విని అలాగే పిలవడం మేలు.

కొడుకో, మనవడో పక్కన కూర్చుని ఆయన బదులు చెప్పడం మరో అడ్డంకి. "మా నాయనకు గుర్తులేదు, నేను చెప్తా" అంటారు. వాళ్లను వెళ్లిపొమ్మనకుండా, "మీది రేపు విడిగా తీసుకుంటాం, అదీ కావాలి" అని చెప్పి పని అప్పగించడం మంచిది. నిజంగానే తీసుకోవాలి కూడా. ఎద్దుల్ని అమ్మిన రోజు తండ్రికి ఒకలా, ఎనిమిదేళ్ల కొడుక్కి ఇంకొకలా గుర్తుంటుంది. ఆ రెండూ పక్కపక్కన పెడితే అదే ఒక బీట్.

ఆడవాళ్ల దగ్గర ప్రశ్నలు వేరుగా కట్టుకోవాలి. "నాకేం తెల్సు నాయనా, ఆయప్పనడుగు" అని అవ్వ లేచిపోతుంది. నిజానికి వేరుశనగ సేద్యంలో సగం ఆమె చేతుల్లోదే. విత్తనాన్ని కాయగానే దాచి, విత్తే ముందు కూర్చుని వలిచింది ఆమె. గొర్రు వెనక నడుస్తూ జడ్డిగంలో గింజ జారవిడిచింది ఆమె. "మీ వ్యవసాయ అనుభవం చెప్పండి" అంటే అది తనది కాదనుకుంటుంది. "విత్తనం కాయలు వలిచేటప్పుడు పక్కన ఎవరెవరు కూర్చునేవాళ్లు అవ్వా? ఆకలైతే విత్తనం తింటే ఏమనేవాళ్లు?" అని అడిగితే మాట ఆగదు. ముందు వేరుశనగ కాయలు ఒక చాటలో పోసి దగ్గర పెడితే మరీ మంచిది. ఆ గాజుల సంగతి కూడా ఆమెనే విడిగా అడగాలి. భర్త "ఇంటామె గాజులు ఇచ్చింది" అన్న ఒక్క మాటతో దాటేసిన చోట, ఆమెకు ఒక రాత్రంతా ఉండి ఉండవచ్చు.

ఒక పూటకు గంట మించి అడగకూడదు. పొద్దున టిఫిన్, మాత్రలు అయ్యాక మొదలుపెట్టి, ఎండ ముదిరేలోపు ముగించాలి. ఆ గంటలో మూడు వరసలు పూర్తయితే గొప్పే. చివర అర నిమిషం ఎవరూ మాట్లాడకుండా ఆ చోటి శబ్దాన్ని విడిగా రికార్డు చేసుకోవాలి. ఎక్కడ కోసినా అతుకు తెలియకుండా కింద పరుచుకోవడానికి అది కావాలి.

అసలు పరీక్ష ఆ రాత్రి ఉంటుంది. వచ్చినదంతా ఉన్నదున్నట్టు రాసుకుని, ఒక్కో మలుపుకు ఒక్కో అట్టముక్క తీసుకుని మూడు గడులు గీయండి. ముందు ఎలా ఉంది, ఏం జరిగింది, తర్వాత ఏం మారింది. ప్రతి గడిలో ఆయన నోటి మాటే, నిమిషం సెకనుతో సహా రాయండి. మన మాట రాయకండి. ఖాళీ గడి ఎక్కడుందో వెంటనే కనపడుతుంది. మన ఉదాహరణలో ఎక్కువగా ఖాళీగా ఉండేది మొదటి గడి. బోరు పడలేదన్నది ఉంటుంది, పడితే ఏం చేయాలనుకున్నాడో ఉండదు. రెండో రోజు అడగవలసింది అదే. "ఆ బోరులో నీళ్లు పడి ఉంటే ఆ ఏడు ఏం వేద్దామనుకున్నారు?" దానికి "చీనీ చెట్లు పెడదామనుకుంటి" అన్న ఒక్క మాట వచ్చినా, నిన్న చెప్పిన దుమ్ము సంగతి ఒక్కసారిగా బరువెక్కుతుంది. తర్వాత ఒక్కో ముక్కను తీసేసి చూడండి. తీసేసినా తర్వాతి ముక్క అర్థమవుతుంటే, ఎంత అందంగా ఉన్నా అది బీట్ కాదు. దాన్ని పక్కన పెట్టడానికి మనసు రాదు, కానీ పెట్టాలి.

ఈ పద్ధతికి ఒక హద్దు ఉంది. ఇంత నిర్దిష్టంగా అడిగితే మనుషులు తాము చెప్పాలనుకోనివి కూడా చెప్పేస్తారు. అప్పిచ్చినవాడి పేరు, అన్నదమ్ముల గట్టు తగాదా, ఇంట్లో ఎవరైనా పురుగుమందు తాగిన సంగతి. ఆ ఊళ్లో ఆయన రేపు కూడా బతకాలి. సినిమా తీసినవాళ్లు ఆ సాయంత్రమే వెళ్లిపోతారు. ఆత్మహత్య జరిగిన ఇల్లని ముందే తెలిస్తే ఆ ప్రశ్న మనంగా ఎత్తకూడదు, ఇంటివాళ్లు ఎత్తితేనే వినాలి, పక్కన వాళ్లకు దగ్గరివాళ్లు ఉండగా వినాలి. షూటింగ్‌కు ముందు పెట్టించుకున్న వేలిముద్రో, సంతకమో ఒప్పుకోలుగా చాలదు, ఎందుకంటే తాను ఏం చెప్పబోతున్నాడో అప్పటికి ఆయనకే తెలియదు.

కాబట్టి డాక్యుమెంటరీ తీసే మిత్రులకు నా విన్నపం ఇది. ఎడిటింగ్ పూర్తయ్యాక, పోటీలకు, పండుగలకు పంపే ముందు, ఆ సినిమాను ఒకసారి ఆ ఇంట్లో పెద్దాయనకూ అవ్వకూ పెద్ద శబ్దంతో వేసి చూపించండి. వద్దన్న ముక్క ఎంత మంచి బీట్ అయినా తీసేయండి. అలా తీయడానికి వీలుగా తుది కాపీకి కనీసం రెండు వారాల గడువు ముందే ఉంచుకోండి.